చార్జర్ డూప్లికేటా? ఫొటోలో పిన్నులు, ముద్రలు, అతుకు చూసి పట్టుకోవడం

పోయిన ఎపిసోడ్ విన్నాక దుబాయ్ సోనాపూర్ నుంచి జగిత్యాల తమ్ముడు ఒకతను వాట్సాప్‌లో మూడు చార్జర్ల ఫొటోలు పంపించాడు. ఒకే రూము, ఎనిమిది మంది, మంచాల పక్కన గోడకు ఒకటే ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఆ బోర్డులో రాత్రంతా ఉండే చార్జర్లు ఇవి. కింద ఒక్క మాట రాశాడు: "అన్నా, ఈ మూడింట్ల ఒరిజినల్ ఏదో చెప్పు. మొన్న ఒకటి ముట్టుకుంటే జివ్వుమంది."

మొదటిది క్యాంపు గేటు బయట పరుపు మీద పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర పది దిర్హమ్‌లకు కొన్నది. రెండోది ఫోన్ రిపేరు షాపులో "మాస్టర్ కాపీ భాయ్, ఒరిజినల్ లెక్కనే" అని పాతిక దిర్హమ్‌లకు ఇచ్చింది. మూడోది పెద్ద దుకాణంలో బిల్లుతో కొన్నది. మూడింటి మీదా పేరున్న కంపెనీల లోగోలే. మూడూ ఫోన్‌ను చార్జ్ చేస్తున్నాయి.

అందుకే ముందుగా ఒక మాట. ఫోన్ చార్జ్ అవుతోంది కాబట్టి చార్జర్ మంచిదే అనుకోవద్దు. చార్జర్ లోపల రెండు భాగాలుంటాయి. ఒకవైపు గోడ నుంచి వచ్చే 220–240 వోల్టుల కరెంటు, రెండోవైపు ఫోన్‌కు వెళ్ళే 5 వోల్టులో 9 వోల్టులో. ఈ రెండింటి మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ ఇన్సులేషన్, కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉంటాయి. మన ప్రాణానికి అడ్డుగా ఉండేది ఆ ఖాళీయే. డూప్లికేట్ చేసేవాడు డబ్బు మిగుల్చుకునేది కూడా సరిగ్గా అక్కడే. అడ్డు తెగిన రోజు గోడలోని కరెంటు కేబుల్ గుండా ఫోన్‌లోకి, ఫోన్ పట్టుకున్న చేతిలోకి వస్తుంది. అప్పటిదాకా ఫోన్ బాగానే చార్జ్ అవుతూ ఉంటుంది.

ఇది ఉత్త భయం కాదు. అమెరికాకు చెందిన భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ 2016లో యాపిల్ పేరుతో అమ్మిన 400 నకిలీ చార్జర్లను పరీక్షించింది. వాటిలో 397 తప్పాయి. 12 చార్జర్లయితే మనిషి ప్రాణం పోయేంత షాక్ కొట్టే స్థితిలో ఉన్నాయని తేల్చింది.

లోపలి భాగం ఫొటోలో కనిపించదు. అయితే లోపల మిగుల్చుకున్నవాడు బయట కూడా మిగుల్చుకుంటాడు, ఆ గుర్తులు ఫొటోలో దొరుకుతాయి. ఆ మూడు ఫొటోలను నేనెలా చూశానో వరసగా చెప్తాను.

మొదటి చార్జర్: పిన్నుల దగ్గరే దొరికింది

దుబాయ్, దోహా, మస్కట్, కువైట్, మనామాలో మన రూముల్లో ఉండే మూడు చదరపు పిన్నుల సాకెట్ బ్రిటన్ నుంచి వచ్చింది. దాని ప్రమాణం పేరు బీఎస్ 1363. సౌదీలో ఇప్పుడు ఇదే పద్ధతి, పాత భవనాల్లో అమెరికా తరహా రెండు బల్ల పిన్నుల సాకెట్లు కూడా కనిపిస్తాయి. నేను చెప్పే కొలతలు మూడు చదరపు పిన్నుల ప్లగ్గుకు మాత్రమే.

ఈ ప్లగ్గులో పైన నిలువుగా ఉండేది ఎర్త్ పిన్ను. కింద అడ్డంగా ఉండే రెండు పిన్నులు లైవ్, న్యూట్రల్. కింది పిన్నుల మధ్యబిందువుల దూరం 22.2 మిల్లీమీటర్లు. డూప్లికేట్ చేసేవాడు దేన్నయినా మార్చగలడు గాని ఈ దూరాన్ని పెద్దగా మార్చలేడు, మారిస్తే ప్లగ్గు సాకెట్లో దిగదు. కాబట్టి ఫొటోలో మనకు దొరికే నమ్మకమైన స్కేలు ఇదే.

ఇంకో కొలత కూడా ఉంది, డూప్లికేట్లు ఎక్కువగా తప్పేది దీన్నే. లైవ్, న్యూట్రల్ పిన్నుల అంచు నుంచి ప్లగ్గు అంచు వరకు కనీసం 9.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉండాలి. పక్కకైనా, కిందికైనా అంతే. ఎందుకంటే చీకట్లో తడుముతూ చార్జర్ పీకేటప్పుడు మన వేళ్ళు ప్లగ్గు అంచును పట్టుకుంటాయి. అంచు ఇరుకుగా ఉంటే వేలి కొస జారి, సగం బయటికి వచ్చిన పిన్నుకు తగులుతుంది. అప్పటికి పిన్ను కొస ఇంకా సాకెట్ లోపల కరెంటుతోనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మొదటి చార్జర్ పిన్నుల ముఖం ఎదురుగా కనిపించే ఫొటోను ఫోన్ తెర మీద పెద్దది చేసి, తెర మీదే మామూలు స్కేలు పెట్టి కొలిచాను. రెండు పిన్నుల మధ్యబిందువుల దూరం తెర మీద 40 మిల్లీమీటర్లు వచ్చింది. అసలు దూరం 22.2 కాబట్టి, 9.5 అనేది తెర మీద సుమారు 17 మిల్లీమీటర్లుగా కనిపించాలి. పిన్ను అంచు నుంచి ప్లగ్గు పక్క అంచు వరకు వచ్చింది 11. కింది అంచు వరకు వచ్చింది 9. అంటే అసలు చార్జర్ మీద పక్కన సుమారు 6 మిల్లీమీటర్లు, కింద 5 మిల్లీమీటర్లే ఉన్నాయి. ఉండాల్సింది 9.5. కెమెరా కోణం వల్ల ఒకటి అరా తేడా వస్తే అనుమానంగా వదిలేయొచ్చు గాని, సగానికి సగం తగ్గితే కోణం తప్పని చెప్పుకోవడానికి లేదు.

లెక్కలు వద్దనుకుంటే కంటితోనే చూసే దారి ఉంది. పిన్నుల మధ్యబిందువుల దూరాన్ని సగం చేయండి. పిన్ను అంచు నుంచి ప్లగ్గు అంచు వరకు ఉండే ప్లాస్టిక్ ఆ సగానికి కొంచెం తక్కువగా, దాదాపు దగ్గరగా ఉండాలి. పావు వంతు దగ్గరే ఆగిపోతే ఆ చార్జర్ వద్దు.

ఫొటో తీయడంలో ఒక జాగ్రత్త ఉంది. కెమెరాను చార్జర్‌కు మరీ దగ్గరగా పెడితే పిన్నుల కొసలు మన వైపు పొడుచుకొచ్చి, ఉన్నదానికంటే ఎడంగా కనిపిస్తాయి. చెయ్యి చాపినంత దూరంలో పెట్టి, జూమ్ చేసి, తిన్నగా తీయండి. కొలిచేటప్పుడు పిన్ను కొస దగ్గర కాదు, పిన్ను ప్లాస్టిక్‌లోకి దిగే మొదలు దగ్గర కొలవండి. కుడివైపు ప్లాస్టిక్, ఎడమవైపు ప్లాస్టిక్ బాగా తేడాగా వస్తే ఫొటో వంకర పోయినట్టు, మళ్ళీ తీయండి.

చార్జర్ చేతిలోనే ఉంటే ఇంకా సులువు. కింది రెండు పిన్నులూ, వాటికి రెండు పక్కలా 9.5 చొప్పున ప్లాస్టిక్ కలిపితే ఆ వరస దగ్గర ప్లగ్గు వెడల్పు కనీసం 47.5 మిల్లీమీటర్లు ఉండాలి. మన జేబులో ఉండే ఏటీఎం కార్డు, ఎమిరేట్స్ ఐడీ, బస్సు కార్డు, అన్నిటి పొట్టి వైపు కొలతా ఒకటే: 54 మిల్లీమీటర్లు. ఆ పొట్టి వైపును పిన్నుల వరసకు సమానంగా చార్జర్‌కు ఆనించి పట్టుకోండి. కార్డు రెండు వైపులా కలిపి ఆరేడు మిల్లీమీటర్లు బయటికి మిగిలితే సరే. సెంటీమీటరుకు మించి మిగిలితే ఆ చార్జర్ ఇరుకు. మన మొదటి చార్జర్ వెడల్పు లెక్క ప్రకారం 41 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, అంటే కార్డు 13 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ఈ పరీక్షకు ఏటీఎం కార్డు వాడితే మాత్రం దాన్ని ఫొటోలో పడనివ్వకండి. నంబరు ఎవరి చేతికో పోతుంది.

పిన్నుల తొడుగు, పిన్నుల పొడవు

అదే చార్జర్‌ను పక్క నుంచి తీసిన ఫొటోలో రెండో తప్పు కనిపించింది. లైవ్, న్యూట్రల్ పిన్నులకు మొదలు నుంచి దాదాపు సగం వరకు నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, మీరు చూసే ఉంటారు. ప్లగ్గు సగం బయటికి వచ్చినప్పుడు కనిపించే భాగం ఆ తొడుగే, అందుకే వేలు తగిలినా షాక్ కొట్టదు. కొస దగ్గర మాత్రమే ఇత్తడి బయటికి ఉంటుంది, సాకెట్ లోపల అదొక్కటే తగలాలి.

ఎర్త్ పిన్ను సంగతి వేరు. అది లోహమైతే మొత్తం లోహమే ఉండాలి, దానికి తొడుగు వేయకూడదు. తొడుగు ఉంటే సాకెట్ లోపలి ఎర్త్ పట్టీ లోహానికి కాకుండా ఆ ప్లాస్టిక్‌కు తగిలి, ఎర్త్ అందకుండా పోవచ్చు. మొదటి చార్జర్‌కు మూడు పిన్నులకూ నల్ల తొడుగులున్నాయి. తయారు చేసినవాడికి తొడుగు ఎందుకో తెలియదు, ముచ్చటగా ఉంటుందని మూడింటికీ వేసేశాడు. బీఎస్ 1363 తెలిసిన ఏ కంపెనీ ఇలా చేయదు. ఫొటోలో ఇదొక్కటి కనిపించినా చాలు.

ఎర్త్ పిన్ను మొత్తం ప్లాస్టిక్‌దే ఉండొచ్చా అని చాలామంది అడుగుతారు. ఉండొచ్చు. ఫోన్ చార్జర్లకు రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి ఎర్త్ అవసరం లేదు. ఆ పిన్ను పని సాకెట్ లోపలి మూతలు తెరవడమే. పేరున్న కంపెనీల అసలు చార్జర్లకు కూడా ప్లాస్టిక్ ఎర్త్ పిన్నే ఉండడం మామూలు, దాన్ని చూసి డూప్లికేట్ అనుకోవద్దు. ఎర్త్ పిన్ను మొత్తం లోహమో మొత్తం ప్లాస్టికో అయి ఉండాలి. సగం తొడుగు, సగం లోహం ఉండకూడదు.

పక్క ఫొటోలోనే పొడవు కూడా చూడండి. కింది పిన్నులు 17.7 మిల్లీమీటర్లు, ఎర్త్ పిన్ను 22.7. అంటే ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే అర సెంటీమీటరు పొడవుగా బయటికి కనిపించాలి. అది ముందు లోపలికి వెళ్ళి మూతలు తెరిస్తేనే మిగతావి దిగుతాయి. మూడూ సమానంగా ఉంటే, లేదా ఎర్త్ పిన్ను కొంచెమే పొడవుంటే, ఆ ప్లగ్గును సాకెట్లో గట్టిగా తోయాల్సి వస్తుంది. "కొత్తది కదా, టైట్‌గా ఉంది" అని మనం సర్దుకుంటాం. నిజానికి అక్కడ మూతలు సరిగ్గా తెరుచుకోవడం లేదు.

ఇక పిన్ను లోహం. మంచి చార్జర్ పిన్ను గట్టి లోహపు ముక్క. అంచులు నున్నగా, రంగు అంతా ఒకేలా ఉంటుంది. చవక పిన్నులు తళతళా మెరుస్తాయి, దగ్గరగా తీసిన ఫొటోలో గీతలు, గుంటలు, అంచుల్లో పదును కనిపిస్తాయి. కొన్నిటిని పల్చటి రేకును మడిచి చేస్తారు, పిన్ను పొడవునా మడత గీత తెలుస్తుంది. మెరుపొక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, లైటింగ్‌ను బట్టి మంచిది కూడా మెరవొచ్చు. మడత గీత కనిపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు.

రెండో చార్జర్: పిన్నులు సరిపోయాయి, ముద్రలు సరిపోలేదు

మాస్టర్ కాపీ అని ఇచ్చిన రెండో చార్జర్ పిన్నుల పరీక్ష దాటింది. అంచు దూరం 9.5 పైనే ఉంది, తొడుగులు రెండింటికే ఉన్నాయి. ఇలాంటివే ఎక్కువమందిని మోసం చేస్తాయి. దీనికి ముద్రలు చదవాలి.

చార్జర్ మీద చిన్న అక్షరాల్లో ఉండేవాటిలో మనకు కావాల్సినవి నాలుగు: తయారు చేసిన కంపెనీ పేరు, మోడల్ నంబరు, ఇన్‌పుట్ వరస, ఔట్‌పుట్ వరస. ఇన్‌పుట్ వరసలో ఎన్ని వోల్టులు, ఎన్ని హెర్ట్జ్, ఎన్ని ఆంపియర్లు అని మూడూ ఉండాలి. రెండో చార్జర్‌లో ఇన్‌పుట్ దగ్గర వోల్టులు ఉన్నాయి గాని ఆంపియర్లు లేవు. మోడల్ నంబరు డబ్బా మీద ఒకటి, ఒంటి మీద ఇంకొకటి. ఇంగ్లిషులో అడాప్టర్ అనే మాటలో ఒక అక్షరం తగ్గింది. పేరున్న కంపెనీ లక్షల సంఖ్యలో అచ్చు వేసే ముద్రలో అక్షరం తప్పు పోదు. అక్షరాల్లో కొన్ని లావుగా, కొన్ని సన్నగా ఉన్నాయి, వేలితో రుద్దితే చెరిగిపోతున్నాయని తమ్ముడు చెప్పాడు.

సీఈ ముద్ర గురించి ఎక్కువమంది అడిగారు. ఇది యూరప్ ముద్ర. మా వస్తువు యూరప్ నిబంధనలకు సరిపోతుందని తయారీదారు తానే చెప్పుకునే మాట అది. ఫోన్ చార్జర్ల విషయంలో దాన్ని వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాబట్టి అది ఉన్నంత మాత్రాన ఎవరో పరీక్షించారని కాదు. అయితే దాని ఆకారం చూడొచ్చు. అసలు ముద్రలో రెండు అక్షరాలూ గుండ్రటి వంపుతో ఉంటాయి, వాటి మధ్య బాగా ఎడం ఉంటుంది, రెండో అక్షరంలో మధ్య గీత పైకిందుల కొసలకంటే పొట్టిగా ఉంటుంది. అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుంటే, మామూలు టైపు అక్షరాల్లా ఉంటే, అది చేత్తో కాపీ కొట్టిన ముద్ర. అతుక్కుపోయి ఉంటే దాని అర్థం చైనా ఎక్స్‌పోర్ట్ అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అలాంటి ముద్ర ఎక్కడా నమోదై లేదు. అది తప్పుగా వేసిన సీఈ, అంతే.

ఒక చదరం లోపల ఇంకో చదరం ఉండే గుర్తు కూడా చూస్తుంటాం. రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. ఫోన్ చార్జర్ మీద అది లేకపోతే అనుమానించాలి. ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు, ప్రింటు వేయడానికి ఖర్చేమీ ఉండదు.

ముద్రల్లో మనం స్వయంగా సరిచూసుకోగలిగినవి రెండున్నాయి. ఒకటి గల్ఫ్ దేశాల ప్రమాణాల సంస్థ జీఎస్‌ఓ వారి జీ-మార్క్. దాని పక్కన క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. తెరుచుకున్న పేజీ చిరునామా చివర gso.org.sa అని ఉందో లేదో చూడండి, వేరే ఏదో సైటుకు వెళ్తే ఆ కోడ్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. పేజీలో కనిపించే బ్రాండు, వస్తువు మీ చేతిలో ఉన్నదానికి సరిపోవాలి.

రెండోది మన దేశం నుంచి తెచ్చుకున్న చార్జర్లకు పనికొస్తుంది. ఇండియాలో అమ్మే ఫోన్ చార్జర్ మీద బీఐఎస్ ముద్ర, దాని కింద R- తో మొదలై ఎనిమిది అంకెలున్న నంబరు ఉంటాయి. ప్రభుత్వం వారి బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో చూపిస్తుంది. నంబరు దొరకకపోయినా, చార్జర్ నంబరుకు బదులు ఇంకేదో వస్తువు పేరు వచ్చినా ఆ ముద్ర దొంగదే. నిజమైన నంబరును కాపీ కొట్టి వేసేవాళ్ళూ ఉంటారు, కాబట్టి కంపెనీ పేరు కూడా సరిపోవాలి.

ఇండియా చార్జర్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. దాని రెండు గుండ్రటి పిన్నులను, ఎర్త్ రంధ్రంలో పెన్ను కొస గుచ్చి మూతలు తెరిచి, ఇక్కడి సాకెట్లో దూర్చడం మన రూముల్లో అందరం చేసే పనే. ఆ గుండ్రటి పిన్ను చదరపు పట్టీల మధ్య గట్టిగా పట్టుకోదు. వదులుగా తగిలే చోట వేడి పుడుతుంది, ప్లాస్టిక్ నల్లబడుతుంది. చార్జర్ ఎంత ఒరిజినల్ అయినా అప్పుడు లాభం లేదు.

అతుకు: చార్జర్ రెండు ముక్కలయ్యే చోటు

రెండో చార్జర్‌లో ముద్రలకంటే నన్ను ఎక్కువ భయపెట్టింది దాని అతుకు. చార్జర్ డొక్కు రెండు ముక్కలుగా తయారవుతుంది, ఒకటి పిన్నులుండే ముఖం, రెండోది మిగతా ఒళ్ళు. మంచి కంపెనీలు ఈ రెండింటినీ అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో, అంటే చాలా వేగమైన కంపనంతో ప్లాస్టిక్ కరిగేలా చేసి అతుకుతాయి. అది ఒకసారి అతికితే విడదీయడానికి పగలగొట్టాల్సిందే. బయటికి వెంట్రుకంత సన్నటి గీత, చుట్టూ ఒకే మందంలో కనిపిస్తుంది.

డూప్లికేట్లలో జిగురు వేస్తారు, లేదా లోపల రెండు ప్లాస్టిక్ కొక్కేలతో నొక్కి పెడతారు. ఫొటోలో దాన్ని ఇలా పట్టొచ్చు. చార్జర్‌ను కిటికీ వెలుతురులో పెట్టి నాలుగు పక్కలూ నాలుగు ఫొటోలు తీయండి, ఫ్లాష్ వేయొద్దు. ఫ్లాష్ వేస్తే గీత తెల్లబడిపోయి సందు కనిపించదు. గీత ఒక మూల సన్నగా, ఇంకో మూల గోరు దూరేంత వెడల్పుగా ఉందా? గీత వెంట ఎండిన జిగురు మెరుస్తోందా? రెండు ముక్కల రంగులో తేడా ఉందా? యూఎస్‌బీ రంధ్రం చట్రానికి ఒక పక్కకు ఒరిగిందా? రెండో చార్జర్‌లో కింది కుడి మూల సందు ఉంది, యూఎస్‌బీ రంధ్రం ఒరిగి ఉంది. ఒంటి మీద బయటికి స్క్రూ కనిపించినా అనుమానించండి.

సందు ఉంటే ఏమవుతుందంటే, చార్జర్ సాకెట్లో గట్టిగా కూర్చున్నప్పుడు మనం దాని ఒంటిని పట్టుకుని లాగుతాం. ఒళ్ళు ఊడి చేతిలోకి వస్తుంది. పిన్నుల ముఖం సాకెట్లోనే ఉండిపోతుంది, లోపలి తీగలు, సోల్డరు చుక్కలు 230 వోల్టులతో బయటికి కనిపిస్తూ ఉంటాయి. నిద్రమత్తులో ఉన్నవాడు ఆ పిన్నుల ముఖాన్ని పీకడానికి వేళ్ళు పెడతాడు. షాక్ కొట్టేది అప్పుడే. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే చెయ్యి పెట్టకండి, ముందు బోర్డు స్విచ్, అది లేకపోతే రూము బ్రేకర్ ఆపండి.

ఒక మినహాయింపు ఉంది. ల్యాప్‌టాప్, టాబ్లెట్ చార్జర్లు కొన్నిటికి పిన్నుల తల విడిగా ఊడి వస్తుంది, దేశాన్ని బట్టి మార్చుకోవడానికి. అక్కడ తలకూ ఒంటికీ మధ్య కనిపించే గీత మామూలే. చూడాల్సింది ఒంటి మీది అతుకు.

మూడో చార్జర్: నేను ఏం చెప్పాను

మూడోది అన్నీ దాటింది. పిన్నుల కొలత సరిపోయింది, ఎర్త్ పిన్ను మొత్తం ప్లాస్టిక్, అతుకు సన్నగా ఉంది, ముద్రలు తప్పుల్లేకుండా ఉన్నాయి. తమ్ముడు వాయిస్ మెసేజ్‌లో అడిగాడు: "అయితే ఇది ఒరిజినలే కదా అన్నా?"

"ఫొటోలో తప్పేమీ కనిపించలేదు, అంతవరకే చెప్పగలను" అన్నాను.

అతనికి నచ్చలేదు. "మొదటి రెండింటిని గట్టిగా వద్దన్నవు, దీన్ని గట్టిగా మంచిదని అనవేంది?"

నా జవాబు ఇదే. ఫొటో తప్పును పట్టిస్తుంది గాని మంచితనానికి పూచీ ఇవ్వలేదు. పిన్ను అంచు 5 మిల్లీమీటర్లే ఉంటే లోపల ఏముందో చూడక్కర్లేదు, అది ఎలాగూ ప్రమాణానికి సరిపోదు. బయట అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు మాత్రం లోపలి ఖాళీ ఎంతుందో, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఇన్సులేషన్ ఎన్ని పొరలుందో ఫొటో చెప్పదు. కొందరు మంచి డొక్కు అచ్చు సంపాదించి లోపల చవక సరుకు పెడతారు. మూడో చార్జర్‌ను నేను కాస్త నమ్మడానికి కారణం ఫొటో కాదు, బిల్లు. పేరూ చిరునామా ఉన్న దుకాణం ఇచ్చిన బిల్లు ఉంది కాబట్టి, రేపు తేడా వస్తే నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడు.

వాడేటప్పుడు తెలిసే గుర్తులు కూడా ఫొటోలో రావు. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ తెర తనంతట తాను తాకినట్టు అటూ ఇటూ కదలడం, చార్జర్ చేతిలో పట్టుకోలేనంత వేడెక్కడం, కాలిన వాసన, లోపల సన్నటి కీచుమోత, వీటిలో ఏది కనిపించినా ఒరిజినల్ అయినా సరే పీకి పక్కన పెట్టండి. లోహపు అంచులున్న ఫోన్‌ను తాకితే వేలికి సన్నగా జివ్వుమనడం కొన్ని మంచి చార్జర్లతో కూడా జరుగుతుంది. ఏ చార్జర్‌తో అలా అవుతోందో చూసి, వేరే చార్జర్ పెట్టి పోల్చుకోండి. చెయ్యి వెనక్కి లాక్కునేంతగా కొడితే మాత్రం పోల్చడానికి కూడా దాన్ని మళ్ళీ పెట్టొద్దు. ఈ తమ్ముడికి జివ్వుమన్నది మొదటిదానితోనే.

మీరు ఫొటో పంపేటప్పుడు

నాలుగు ఫొటోలు చాలు. మొదటిది పిన్నుల ముఖం ఎదురుగా, చెయ్యి చాపినంత దూరం నుంచి జూమ్ చేసి. రెండోది పక్క నుంచి, మూడు పిన్నుల పొడవూ, తొడుగులూ తెలిసేలా. మూడోది చిన్న అక్షరాలు చదవగలిగేలా, దగ్గరగా, పగటి వెలుతురులో. నాలుగోది అతుకు గీత ఎక్కడ ఎక్కువ వెడల్పుగా అనిపిస్తే అక్కడ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి చిన్న అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. చార్జర్‌ను సాకెట్లోంచి తీశాకే ఫొటో తీయండి. లోపల చూద్దామని దాన్ని విప్పకండి, సాకెట్లోంచి తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో కాసేపు కరెంటు మిగిలి ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. అమ్మేవాడు పెట్టే ఫొటో చాలాసార్లు అసలు కంపెనీ ఫొటోయే, దానిలో ఏ తప్పూ దొరకదు. వస్తువు చేతికొచ్చాక మీరు తీసుకున్న ఫొటోనే చూడాలి. కొన్నవాళ్ళు కింద పెట్టిన ఫొటోల్లో పిన్నుల ముఖం కనిపిస్తే కొనకముందే కొలుచుకోవచ్చు.

చివరికి ఆ రూములో జరిగింది చెప్తాను. మొదటి చార్జర్‌ను అవతల పారేద్దామంటే, చెత్తలోంచి తీసుకుని ఇంకెవరో వాడతారని తమ్ముడికి అనుమానం వచ్చింది, నిజమే కూడా. కటింగ్ ప్లయర్‌తో కింది రెండు పిన్నులను పట్టి వంచేసి, ఇక సాకెట్లో దిగకుండా చేసి పారేశాడు. రెండోదాన్ని షాపుకు తీసుకెళ్ళి డబ్బా మీది మోడల్ నంబరు, ఒంటి మీది మోడల్ నంబరు పక్కపక్కన చూపించాడు. షాపువాడు కాసేపు వాదించి, డబ్బు ఇవ్వనన్నాడు గాని పాతిక దిర్హమ్‌లకు ఫోన్ కవరు, గ్లాసు ఇచ్చాడు. ఇప్పుడు ఎనిమిది మంది మూడో చార్జర్ కోసం వంతులు వేసుకుంటున్నారు. వచ్చే జీతానికి ఇంకో రెండు కొంటామని, కొనకముందే పిన్నుల ముఖం ఫొటో పంపిస్తానని చెప్పాడు.